మోగని పెట్టె

స్టేషన్ బెయిలు మీద బయటికొచ్చిన భిక్షపతి ఇంటికి కూడా పోకుండా నేరుగా దిల్‌సుఖ్‌నగర్ వచ్చాడు. బస్ డిపో వెనక సందులో, జిరాక్స్ షాపు పైన ఉన్న ప్రాజెక్ట్ సెంటర్‌ను వాళ్లనీ వీళ్లనీ అడిగి కనుక్కుని మెట్లెక్కాడు. ఇంజనీరింగ్ పిల్లలకు ప్రాజెక్టులు చేసిపెట్టే చోటు అది. లోపల, అక్కడ పనిచేసే స్పందన ఒక్కతే సోల్డరింగ్ చేసుకుంటూ ఉంది.

"స్కూల్ బస్సులకు రివర్స్ పెట్టెలు బిగించింది మీరే కద బిడ్డా? నేను భిక్షపతిని. ఆ బస్సు డ్రైవర్‌ను."

సోల్డరింగ్ కడ్డీ స్టాండులో పెట్టి స్పందన లేచి నిలబడింది. ఆ బస్సేదో ఆమెకు తెలుసు. పేపర్లో చదివింది. సకల జనుల సమ్మెతో మూతబడ్డ బడి మళ్లీ తెరిచిన వారంలోనే, వనస్థలిపురం అవతల షెడ్డులో ఊడుస్తున్న సైదమ్మ అనే ఆయా మీదికి బస్సు వెనక్కి ఎక్కింది. ఆమె అక్కడికక్కడే పోయింది.

"కూసో కాకా," అని కుర్చీ జరిపింది.

ఆయన కూర్చోలేదు. "ఎనక మనిషి ఉంటె పెట్టె మోగాలె కద. మోగలేదు. నాకైతె ఇనవడలేదు. కని ఆర్టీఓ సారొచ్చి గోడ దగ్గర వెట్టి చూసిండు, మంచిగ మోగింది. డ్రైవర్‌దే తప్పు అన్నరు. తప్పయితె తప్పే. జైల్ల వెట్టుమను. కని నాకు నిద్రవడ్తలేదు బిడ్డా. మోగినా నేనే ఇనలేదా? ఆ పొద్దు నా మనసు ఏడనో ఉండె. జర చూసి చెప్పు. మోగిందా, మోగలేదా?"

బస్సు పోలీసుల దగ్గరే ఉంది. కానీ అదే ప్రోగ్రాం ఎక్కించిన పెట్టె ఒకటి సెంటర్లో మిగిలి ఉంది. "చూసి ఫోన్ చేస్త," అంది స్పందన. ఆయన నంబరిచ్చి, మెట్ల గోడ పట్టుకుని దిగిపోయాడు.

పెట్టెలో పెద్ద మాయేమీ లేదు. సెన్సర్ చెవికి అందని శబ్దాన్ని వెనక్కి విసురుతుంది. ఆ శబ్దం దేనికో తగిలి తిరిగొచ్చేదాకా ఒక తీగ మీద కరెంటు పైకి లేచి ఉంటుంది. ఎంతసేపు లేచి ఉందో తెలిస్తే దూరం తెలిసినట్టే. లోపలి చిప్‌లో ఒక టైమర్ మైక్రోసెకనుకు ఒకటి చొప్పున లెక్కపెడుతూ ఉంటుంది. తీగ లేచిన క్షణాన ఉన్న అంకెను ఒకసారి, పడిన క్షణాన ఉన్న అంకెను ఇంకోసారి చిప్ తనంతట తానే పట్టి దాచుకుంటుంది. రెండో దాన్లోంచి మొదటిది తీసేయాలి. అంతే.

స్పందన పెట్టెను బల్లమీద పెట్టి ఎదురుగా అట్టముక్క నిలబెట్టింది. మోగింది. అలాగే వదిలేసి టీ తాగొచ్చింది. మోగుతూనే ఉంది. ఆర్టీఓ గోడ దగ్గర చూసిందీ ఇదే. అట్ట తీసింది, పెట్టింది. తీసింది, పెట్టింది. పెట్టిన ప్రతిసారీ వెంటనే మోగింది. ఆమెకు విసుగొచ్చింది. ముసలాయనే వినలేదేమో అనుకుంది కూడా. ఇంకోసారి అట్ట పెట్టింది.

పెట్టె మోగలేదు.

అట్టను ఇంకా దగ్గరికి జరిపింది. అయినా మోగలేదు. ఆమె చూస్తూ నిలబడింది. చాలాసేపటికి, ఏమీ జరగనట్టు కూత మొదలైంది.

పట్టిన అంకెలన్నీ కంప్యూటర్ తెర మీద కనిపించేలా తీగ కలిపి మళ్లీ మొదట్నుంచి చేసింది. పెట్టె మూగబోయిన క్షణాల్లో మొదటి అంకె 61210, రెండోది 4470. ఆ టైమర్ 65535 దాకా లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. తీగ లేవడానికీ పడడానికీ మధ్య ఆ సున్నా వచ్చిపడింది. చుట్టు తిరిగిందని లెక్కలో కలుపుకుంటే ఒకటిన్నర మీటర్ల దూరం చక్కగా వచ్చేది. కానీ ప్రోగ్రాం రాసినవాళ్లు, రెండో అంకె చిన్నదైతే అదేదో పొల్లు అనుకుని పారేసి, పాత దూరాన్నే ఉంచుకోమన్నారు. పాత దూరమంటే, వెనక ఎవరూ లేనప్పటిది. పైగా ఒకసారి శబ్దం విసిరాక మళ్లీ విసరడానికి పట్టే సమయమూ, టైమర్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయమూ దాదాపు సమానం కావడంతో, సున్నా ఒకసారి మధ్యలో పడితే పది పదిహేను సెకన్లు అక్కడే తచ్చాడుతోంది. అంతసేపూ పెట్టె గుడ్డిదే. అట్ట ముందునుంచే ఉంటే పాత దూరమూ కొత్త దూరమూ ఒకటే కాబట్టి ఈ లోపం బయటపడదు.

ప్రోగ్రాం రాసింది సెంటర్ ఓనర్ శ్రీరామమూర్తి. మధ్యాహ్నం ఆయన రాగానే తెర చూపించింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. వివరించాల్సిన పని లేకపోయింది.

"ఎంత పని చేశానమ్మా," అన్నాడు.

కాసేపటికి లేచి కిటికీ రెక్క మూశాడు. కింద రోడ్డు మీద జై తెలంగాణ ఊరేగింపు పోతోంది. "మాది తెనాలి అని ఈ సందులో అందరికీ తెలుసు. నా పెట్టె వల్ల ఇక్కడి మనిషి పోయిందంటే షాపు ఉంచుతారా? నన్ను ఉంచుతారా? ముందు అన్ని బస్సుల్లోంచీ పెట్టెలు పీకేద్దాం. ఎవరికీ ఏమీ చెప్పొద్దు."

"మరి ఆ డ్రైవర్ సంగతేంది సార్? నాకే ఇనవడలేదేమో అని సస్తున్నడు."

శ్రీరామమూర్తి సంచీలో స్క్రూడ్రైవర్లు వేసుకున్నాడు. షెడ్డుకు ఇద్దరూ ఆటోలో వెళ్లారు. బస్సుల కింద వెల్లకిలా పడుకుని ఒక్కో పెట్టే విప్పుతుంటే షెడ్డు ఇన్‌చార్జి వచ్చి నిలబడ్డాడు. "అన్నీ తీస్తె ఎట్ల సార్? మీ పెట్టెలున్నయనే కద క్లీనర్లను బంద్ చేసినం?"

శ్రీరామమూర్తి బస్సు కిందనుంచి వెంటనే బయటికి రాలేదు. వచ్చాక చేతుల గ్రీజు కూడా తుడుచుకోకుండా, "పద స్టేషన్‌కి," అన్నాడు స్పందనతో.

బందోబస్తు హడావుడిలో ఉన్న ఎస్సై నిలబడే విన్నాడు. ప్రోగ్రాం రాసింది తనేనని శ్రీరామమూర్తి రెండుసార్లు చెప్పాడు.

"పెట్టె మోగకపోతె డ్రైవర్ ఎనకకు చూడొద్దా?" అన్నాడు ఎస్సై. "సరే, రాసియ్యిండ్రి. కేసుల మీ పేరు గూడ ఎక్కుతది. ఆయన పేరైతె పోదు."

సాయంత్రం స్పందన ఎల్బీ నగర్‌లో భిక్షపతి కిరాయి గదికి పోయింది. ఫోన్లో చెప్పే మాట కాదనిపించింది. ఆయన గడపలో కూర్చుని ఉన్నాడు.

"మోగలేదు కాకా. పెట్టెదే తప్పు. నీ చెవులది కాదు."

భిక్షపతి చెవి మీద చేయి పెట్టుకుని, "మోగలేదు," అన్నాడు. మొహంలో తెరిపి కనిపిస్తుందని ఆమె ఎదురుచూసింది. కనిపించలేదు.

"క్లీనర్ ఉన్నప్పుడు ఆడు బస్సును తట్టెటోడు. ఎనక ఎవరన్న ఉంటె రెండు దెబ్బలు గట్టిగ. ఆన్ని తీసేసినంక ఆ పెట్టెనే నమ్మిన బిడ్డా. సప్పుడు లేకుంటె ఎవరు లేరనుకున్న. నేను దిగి చూసి ఉంటె..."

స్పందన ఆయన పక్కనే గడప మీద కూర్చుంది.

శ్రీరామమూర్తి షాపును ఎవరూ పగలగొట్టలేదు. కేసుకు భయపడి పిల్లలే రావడం మానేశారు. వేసవికి ఆయన గది ఖాళీ చేశాడు. బడి మళ్లీ క్లీనర్లను పెట్టుకుంది, భిక్షపతిని మాత్రం రానివ్వలేదు. ఆయన ఆటోనగర్‌లో ఒక గోదాముకు కావలి ఉన్నాడు. మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. రాష్ట్రం వచ్చిందని చౌరస్తాలో పటాకులు కాల్చిన నాటికి కూడా కేసు వాయిదాల మీదే నడుస్తోంది. సాక్షిగా స్పందన కోర్టుకు వచ్చిన రోజు వకీలు, "పెట్టె పనిచేస్తుందా, లేదా? ఒక్కమాటలో చెప్పండి," అన్నాడు.

"గోడ ముందు పనిచేస్తది సార్," అంది స్పందన. "మనిషి కొత్తగ అడ్డమొస్తె, ఒక్కోసారి చెయ్యది."

ముద్దాయిల వరసలో శ్రీరామమూర్తి పక్కన నిలబడ్డ భిక్షపతి తల ఎత్తలేదు.