బుడే అన్న మాట

సిద్దికా చేసిన తప్పు చిన్నదే. ఊరూరా తిరిగి జనాన్ని "మీరు ఇలా అంటారా?" అని అడిగింది. చదువుకున్న పిల్ల బస్సు దిగి ఎండలో నడిచొచ్చి అడుగుతుంటే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? "ఆ, అంటామమ్మా" అన్నారు అందరూ. మూడూళ్లలో పదకొండు మంది చేత అలా ఔననిపించుకుని, మాండలిక జాతీయాల నిఘంటువు కోసం ఒక కార్డు రాసుకుంది.

కార్డు మీద మాట: కళ్లానికి కళ్లమే పోయింది. చేతికందిన ఫలం ఆఖరి గడియలో మొత్తంగా పోయిందని అర్థం. చెప్పింది లాల్‌బీ, అద్దంకి దగ్గర పల్లెలో మిరపకాయలు ఏరే కూలి.

నిజానికి ఆ మాట ఆమె మొగుడు బుడేది. అయిదేళ్ల కిందట కౌలు చేలో కాసిన కాయంతా కళ్లంలో ఎండుతుండగా అకాల వర్షం కొట్టింది. తడిసి నల్లబడ్డ కాయల్ని చూసి బుడే అన్నది ఆ ఒక్క మాటే. మర్నాడు పత్తికి తెచ్చిన పురుగుమందు తాగాడు. అప్పట్నుంచీ లాల్‌బీ ఏం చెడినా ఆ మాటే అంటుంది. సంబంధం తప్పినా అదే, అన్నం మాడినా అదే.

"జాతీయం కింద అచ్చయితే మీ ఇద్దరి పేర్లూ పక్కన వేయిస్తాను పెద్దమ్మా" అని సిద్దికా మాటిచ్చేసింది. ఇచ్చే అధికారం తనకెక్కడిది? ఆవిడేమో ఊరంతా చెప్పుకుంది.

గుంటూరులో సంపాదకుడు చైతన్యకృష్ణ గారు కార్డు అటూ ఇటూ తిప్పి చూశారు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఆయన న్యాయంగా మాట్లాడే మనిషి, అదే చిక్కు.

"సామెత కాదమ్మా ఇది. సామెతైతే పదిమందికీ పనికొచ్చే ఎరుకగా తనంతట తాను నిలబడాలి. ఇది ఒక నష్టాన్ని చెబుతోంది, అంతే. ఇక జాతీయమా అంటే, కళ్లం ఊసే లేని చోట కూడా జనం కళ్లమనే అనాలి. పెళ్లి చెడితే ఏమంటారు? కళ్లమంటారా, పెళ్లికి పెళ్లే పోయిందంటారా?"

"లాల్‌బీ కళ్లమనే అంటుందండీ."

"ఒక్కరంటే అది ఆవిడ సొంత వాడుక. మిగతావాళ్లు కళ్లం బదులు ఏది పోతే దాని పేరు పెట్టి అంటుంటే అది అచ్చు. ఇటుకల అచ్చులో ఏ మట్టి పోసినా ఇటుకే వస్తుంది. అచ్చుల్ని పీఠికలో పట్టికగా వేస్తాం, వాటికి చెప్పినవాళ్ల పేర్లుండవు. నువ్వు మాట వాళ్ల నోటికందించి అడిగావు. మళ్లీ వెళ్లు. సంగతి చెప్పు, మాట వాళ్లనే అననివ్వు."

వెళ్లింది. లగ్గం ముందు రోజు పెళ్లి ఆగిపోయిన సంగతి చెప్పి, ఏమంటారని అడిగింది. మొదటి ఊళ్లో "పెళ్లికి పెళ్లే పోయిందంటాం" అన్నారు. రెండో ఊళ్లో పురుగు తినేసిన పత్తి గురించి అడిగితే "చేనుకి చేనే పోయింది" అన్నారు. కళ్లమన్న వాళ్లు ఒక్కరూ లేరు.

మిగిలింది లాల్‌బీ ఊరు. కాయలేరుతున్న చోటే అడిగింది. లాల్‌బీ పక్కన కూర్చున్న పిచ్చమ్మ తలెత్తకుండానే "పెళ్లికి పెళ్లే పోయె" అంది. అయిపోయింది. సిద్దికా కార్డులు సర్దుకోబోయింది.

"అదేంది, అప్పుడే లేస్తున్నావు?" లాల్‌బీ చేతులు దులుపుకుని దగ్గరికి జరిగింది. పాపం, సాయం చేద్దామనే. "అట్టాంటివి నాకు బోలెడొచ్చు, రాసుకో. ఇంటికి ఇల్లే తగలబడింది. మందకి మందే చచ్చింది. ఊరికి ఊరే లేచిపోయింది."

"చాలు పెద్దమ్మా."

"చాలేంది అమ్మాయ్? ఎన్నుంటే అంత మంచిది గదా."

విన్నదల్లా రాయాలన్నది పని. సిద్దికా రాస్తూనే ఉంది. ఒక్కొక్క మాటా బుడే మాటను నిఘంటువులోంచి ఇంకాస్త బయటికి తోస్తోంది. ఆ సంగతి ఈ పెద్దావిడకు ఏ నోటితో చెప్పాలి?

లాల్‌బీ గొంతు తగ్గించి అంది.

"మనిషికి మనిషే పోయాడు."

సిద్దికా కలం ఆగింది.

"ఇది ఆయనన్నది కాదు, నా మాట. దీని పక్కన నా పేరొక్కటే ఏయించు. కళ్లం మాట పక్కన ఆయన్ది ఏయించు, సరేనా?"

సిద్దికా కొత్త కార్డు తీసి ఆ మాట రాసింది. అచ్చుల పట్టికలో పేర్లుండవని తెలిసీ, కింద లాల్‌బీ పేరు కూడా రాసింది.

"అలాగే పెద్దమ్మా" అంది.