బుకాయించిందని ఎవరు చూశారు

పంజాగుట్టలోని ఆ పత్రిక కార్యాలయంలో సాయంత్రం ఆరు దాటితే డెస్కులో ఎవరికీ తల తిప్పే తీరిక ఉండదు. ఉపసంపాదకుడిగా చేరి నాలుగు నెలలైన గిడియన్, విలేకరి నరేశ్ పంపిన వార్తను గబగబా చదివాడు. అమీర్‌పేటలో, మైత్రీవనం వెనుక వీధి హాస్టల్లో భోజనం చేసిన పదకొండుమంది అమ్మాయిలు వాంతులతో ఆస్పత్రి పాలయ్యారు. పాడైన పెరుగు వడ్డించింది వంటమనిషి సీతాబాయేనని యజమాని రఘురామ్ ‘వెల్లడించారు’; ఠాణాలో ఫిర్యాదూ రాసిచ్చారు. ఫ్రిజ్ చెడిపోయిందని మూడు రోజుల ముందే చెప్పానంటూ సీతాబాయి ‘బుకాయించింది’.

అక్షరదోషాలు లేవు. పేజీకి పంపబోతుండగా, ప్రధాన ఉపసంపాదకురాలు జానకీదేవి వెనుక నుంచి వంగి చూశారు.

“బుకాయించిందా? ఎవరు చూశారు?”

“నరేశన్న రాసిండు మేడమ్.”

“అతన్నే అడుగు.”

నరేశ్ ఫోనులో నవ్వాడు. “గట్లనే రాస్తం కద తమ్మీ. ఫ్రిజ్ ముచ్చట నాకేం ఎరుక, ఇద్దరు చెప్పింది రాసిన. పాపం, ఆమె సోమవారం యూసుఫ్‌గూడల వేరే హాస్టల్ల చేరాలె. పేపర్ల పడితే ఆళ్లు రానియ్యరని ఏడ్చింది.”

గిడియన్ మనసు కరిగింది. యజమాని ‘ఆరోపించారు’ అనీ, సీతాబాయి ‘స్పష్టం చేశారు’ అనీ మార్చి, మెప్పు కోసం చూశాడు.

“ఇందాక ఆయన వకీలువి, ఇప్పుడు ఆవిడ వకీలువయ్యావు,” అన్నారు జానకీదేవి. “వెల్లడించారన్నా, స్పష్టం చేశారన్నా నిజం బయటపెట్టారని. బుకాయించిందంటే అబద్ధమాడిందని. రెండూ మనకు తెలియవు.”

“ఆయనది ఆరోపణే కదా మేడమ్?”

“ఫ్రిజ్ బాగు చేయించలేదంటున్న ఆవిడది మాత్రం ఏంటి? ఒకరికే ఆ మాట తగిలిస్తే రెండోవారిది నిజమైపోతుంది. ఇద్దరికీ ‘చెప్పారు’ చాలు. ఠాణాలో ఆయన రాసిచ్చిన కాగితానికి ‘పేర్కొన్నారు’ పెట్టు. అధికారులు పరీక్షకు పంపిన ఆహార నమూనాల నివేదిక రావలసి ఉందని చివర్న రాయి. ఆవిడ కన్నీళ్ల కోసం కాదు నాయనా, ఆయన వచ్చి అడిగినా ఇదే చేస్తాం.”

గిడియన్ అలాగే దిద్దాడు.

సోమవారం మధ్యాహ్నం డెస్కుకు ఫోన్ వచ్చింది. సీతాబాయి.

“కొత్త హాస్టలమ్మ పేపర్ సదివింది బాబూ. ‘ఇద్దరి మాటా ఉన్నది, పరీక్షల ఏం తేలుతదో సూద్దాం, అందాక పనిల చేరు’ అన్నది. నేనన్నది నేనన్నట్టే పడ్డది. నీ కడుపు సల్లగుండ.”

ఆ దీవెన తనకు చెందనిదని గిడియన్‌కు తెలుసు. తాను పంపబోయిన వార్త గుర్తుకొచ్చింది. “దిద్దించింది మా మేడమ్ అమ్మా,” అని, లేచి నిలబడి రిసీవర్‌ను జానకీదేవికి రెండు చేతులా అందించాడు.

ఆమె ఓపికగా విన్నారు. “సంతోషమమ్మా. రేపు పరీక్షలో మీ తప్పని తేలితే అదీ వేస్తాం మరి.”

“ఎయ్యండ్రి తల్లీ,” అంది సీతాబాయి, పక్కనున్న గిడియన్‌కూ వినిపించేంత గట్టిగా. “తేలినంకనే కద.”