ఇరవై పాళ్లు, ఎనభై పాళ్లు

ధర్మవరంలో ఒక డిగ్రీ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. నాకు కోపం ఎక్కువ. మార్కులు అంటించిన రోజు మరీ ఎక్కువ. ఆ రోజే నా స్టూడెంటు వనిత స్టాఫ్ రూముకొచ్చి, "సార్, మార్కులు తప్పు పడినాయి" అంది.

"డెబ్బై వేస్తే చాల్లేదా? పో ఈడనుంచి!"

పోలేదు. "నాకు అసైన్‌మెంట్లలో నూటికి తొంభై, పరీక్షలో యాభై. మీరు రెండూ కూడి సగం చేసినారు. అసైన్‌మెంట్లకు ఇరవై శాతం, పరీక్షకు ఎనభై శాతమని మీరే కదా సార్ చెప్పింది?"

నిజమే. కంప్యూటర్లో యావరేజ్ కొట్టేసి చేతులు దులుపుకున్నాను. ఇప్పుడు కాగితం తీశాను. తొంభైలో ఇరవై శాతం పద్దెనిమిది, యాభైలో ఎనభై శాతం నలభై. మొత్తం యాభై ఎనిమిది.

"నీకు పన్నెండు మార్కులు పోతాయి కదమ్మా!"

"పోనీ సార్. పద్మది చూడండి."

వనిత క్లాసులోనే ఉండే పద్మ, ఇంట్లో మగ్గం పని ఎక్కువై చాలా అసైన్‌మెంట్లు ఇవ్వలేదు. అసైన్‌మెంట్లలో నూటికి ఇరవై, పరీక్షలో వనితలాగే యాభై. నేను వేసింది ముప్పై ఐదు, అంటే ఫెయిల్. ఈ లెక్కన నాలుగూ నలభై కలిపి నలభై నాలుగు. పాసుకు నలభై చాలు.

"ఇంత లెక్క యాడ నేర్చుకున్నావు?" అన్నాను.

"మీ క్లాసులోనే సార్."