పేర్లు నా దగ్గరే ఉంటాయి

విశ్వనాథ్ గారు మంచి మనిషి అని రాజమండ్రిలో ఎవరినడిగినా చెబుతారు. నా ముందు మాత్రం ఆ మాట అనకండి. ఆయన మంచితనం వల్ల ఒక ఆడపిల్ల ఉద్యోగం ఊడింది. తలుచుకుంటే నాకింకా ఒళ్ళు మండుతుంది.

అది 2006. దానవాయిపేటలో ఆయనకి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసు ఉండేది. అమెరికా డాక్టర్లు రోగిని చూశాక చెప్పే మాటలు రికార్డయి మాకు వచ్చేవి. కొందరు విని టైపు చేసేవారు. ఆ టైపు చేసినదాన్ని మళ్ళీ విని తప్పులు దిద్దేవాళ్ళు ఎడిటర్లు. ఆ ఎడిటర్ల టీము నాది. కొత్త ఆసుపత్రి పని ఒకటి వస్తోంది, నాకు నలుగురు మనుషులు కావాలి.

ముందు పేపర్లో ప్రకటన వేశాం. ఎంబీయేలు వచ్చారు, బీఎడ్‌లు వచ్చారు. ఒకాయన రెజ్యూమేకి కౌన్సిలర్ గారి ఉత్తరం జతచేసి మరీ వచ్చాడు. చెవులున్నవాడు ఒక్కడంటే ఒక్కడు రాలేదు. విసుగెత్తిపోయి, రెండు జిల్లాల ట్రాన్స్‌క్రిప్షన్ వాళ్ళమంతా ఉండే యాహూ గ్రూపులో నేనే ఒక మెయిల్ రాసి పడేశాను.

"నా టీములో నాలుగు ఎడిటర్ ఉద్యోగాలున్నాయి. మధ్యాహ్నం షిఫ్టు. జీతం ఇంత నుంచి ఇంత వరకు. మూడేళ్ళు ఈ పని చేసినవాళ్ళు కావాలి. మీ బావమరిదిని పంపకండి. ఎవరి పని మీరు కళ్ళారా చూసి 'అబ్బ' అనుకున్నారో వాళ్ళనే పంపండి. ఏం చూశారో రెండు లైన్లు రాయండి, చాలు. రెజ్యూమే నేరుగా నాకే రావాలి. పేర్లు నా దగ్గరే ఉంటాయి" అని.

మనవాళ్ళకి రిఫరల్ అంటే సిఫార్సే. ఎవరో పెద్దమనిషి చేత ఫోన్ చేయించడమే. అందుకే ఆ రెండు లైన్లు అడిగాను. ఫోన్ చేయించడం తేలిక, ఎవరి పని గురించైనా నిజంగా రెండు లైన్లు రాయడం కష్టం. అనుకున్నట్టే వచ్చినవి కొద్దిమందివే, కానీ ఒక్కొక్కటీ ముత్యం. మా టీములోనే ఉన్న సాయిసుధ తన పాత ఆఫీసు స్నేహితురాలు మీనాకుమారి గురించి ఇలా రాసింది: "డాక్టరు నసిగిన చోట ఖాళీ వదిలేస్తుంది మేడమ్. కల్పించి రాయదు. ఎవరు తిట్టినా రాయదు."

అందరికీ పరీక్ష పెట్టాను. రికార్డింగులో ఒక మందు డోసు దగ్గర డాక్టరు దగ్గాడు. కొందరు తోచిన అంకె వేసేశారు. మీనాకుమారి అక్కడ ఖాళీ ఉంచి, వినపడలేదు, డాక్టరుగారినే అడగాలి అని పక్కన రాసింది. అంకె తప్పితే అక్కడెక్కడో ఒక మనిషి ప్రాణం మీదికొస్తుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నలుగురిని తేల్చేశాను, ఆమె అందరికన్నా పైన.

జీతం మీద సంతకం విశ్వనాథ్ గారిదే కాబట్టి నాలుగు రెజ్యూమేలూ పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"ముగ్గురు మన పోటీవాళ్ళు గున్నేశ్వరరావు గారి ఆఫీసులో పనిచేస్తున్నారండి. మన అపాయింట్‌మెంట్ ఆర్డరు చేతికొచ్చాకే అక్కడ చెప్పుకుంటారు. అప్పటిదాకా ఎక్కడా పొక్కకూడదండి" అన్నాను.

"నాకు తెలీదా అమ్మా? భలేవాళ్ళని పట్టావే!" అన్నారు నవ్వుతూ.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం సాయిసుధ కళ్ళు తుడుచుకుంటూ నా కుర్చీ దగ్గరికొచ్చింది. గున్నేశ్వరరావు గారు ముగ్గుర్నీ పిలిచి, అప్లై చేశారా అని ముఖం మీదే అడిగారట. ఇద్దరు కాళ్ళావేళ్ళా పడి, రెండేళ్ళు కదలమని కాగితం రాసిచ్చి బయటపడ్డారు. మీనాకుమారి మాత్రం "అవునండి, చేశాను" అంది. అంతే, అప్పటికప్పుడు పొమ్మన్నారు.

"వాళ్ళాయన కాలు విరిగి ఆర్నెల్లుగా మంచం మీదున్నారు మేడమ్. ఆ జీతమే వాళ్ళిల్లు. నేను రాయబట్టే కదా ఇదంతా?" అంది సాయిసుధ.

నేను విసురుగా లేచి విశ్వనాథ్ గారి గదిలోకి వెళ్ళాను. తలుపు తట్టలేదు.

"గున్నేశ్వరరావు గారికి ఎవరు చెప్పారండి?"

"నేనే చెప్పానమ్మా. క్లబ్బులో రోజూ ఎదురుపడతాం. మీవాళ్ళు ఫలానా ముగ్గురు మా దగ్గరికొస్తున్నారండీ, ఏమీ అనుకోకండి అని ఓ ఫోన్ చేశాను. మర్యాద కదా!"

మర్యాదట మర్యాద! ఇక ఆగలేకపోయాను. "మీ మర్యాదకి ఆవిడ కడుపు మాడాలాండీ? ఆయన ఏమనుకుంటారో అని బెంగపెట్టుకున్నారు గానీ, ఆవిడ ఏమైపోతుందో అనుకున్నారా? పొక్కకూడదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదండీ!"

"ఆయన అంత పని చేస్తాడని నాకేం తెలుసు? ఇప్పుడు ఆ అమ్మాయిని తీసుకుంటే నేను కావాలని లాక్కున్నట్టుంటుంది. కొన్నాళ్ళు ఆగుదాం" అన్నారు.

"ఇవాళ ఆర్డరు మీద సంతకం పెట్టకపోతే, ఆ కొత్త ఆసుపత్రి రికార్డింగులు రేపట్నుంచి మీరే వినుకోండి" అన్నాను. నా గొంతు హాలంతా వినపడిందట, తర్వాత చెప్పారు. వినపడనీ. ఆయన గొణుక్కుంటూ సంతకం పెట్టారు.

ఆ కాగితం పట్టుకుని ఆటోలో ఆర్యాపురం వెళ్ళాను. మీనాకుమారి మంచినీళ్ళిచ్చి, కుర్చీ వేసింది. ఆర్డరు మొత్తం చదివింది. పోయిన జీతం కన్నా బాగా ఎక్కువ. లోపలి గదిలోంచి వాళ్ళాయన చూస్తున్నాడు.

"వద్దండి" అంది, కాగితం నా చేతికిస్తూ.

"అదేంటమ్మా? జరిగినదానికి నాకూ కడుపు రగిలిపోతోంది. కానీ ఇది నీ కష్టార్జితం."

"మీ మీద కోపం లేదు మేడమ్. మీ మెయిల్ చూసి, ఇన్నాళ్ళకి పని చూసి పిలిచేవాళ్ళు దొరికారని సంబరపడ్డాను. కానీ రేపు మీ ఆఫీసు నుంచి నేను ఇంకోచోటికి వెళ్ళాలనుకున్నాననుకోండి. మీ సారు గున్నేశ్వరరావు గారికి ఫోన్ చేసినట్టే, అక్కడివాళ్ళు మీ సారుకి చేస్తారు కదండీ?"

చేయరని చెప్పే ముఖం నాకుందా?

"కాకినాడలో టైపింగుకి తీసుకుంటామన్నారు. జీతం తక్కువే. అక్కడ మాత్రం వీళ్ళిద్దరికీ తెలిసినవాళ్ళు లేరు" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

తిరిగొస్తూ దారిలో ఇంటర్నెట్ సెంటర్ దగ్గర ఆటో ఆపించాను. నాలుగు లైన్లు టైపు చేసి పంపాను. తర్వాత ఆఫీసుకి వెళ్ళాను.

"ఎప్పుడు చేరుతుందట?" అన్నారు విశ్వనాథ్ గారు.

"చేరదటండి."

"ఏం, జీతం చాలలేదా? ఇంకో వెయ్యి వేద్దాం."

"మీరంటే భయమటండి."

ఆయన ముఖం కాస్త కందింది. "సర్లే అమ్మా, అయిందేదో అయింది. నీ మెయిల్‌కి మంచివాళ్ళు వస్తున్నారు కదా, గ్రూపులో ఇంకోసారి వెయ్యి" అన్నారు.

"వేశానండి. చూసుకోండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని కంప్యూటరు వైపు తిరిగారు. అందులో రాసింది కొంచెమే. ఫలానా ఆఫీసులో నాలుగు ఉద్యోగాలని రాసింది నేనే. వచ్చినవాళ్ళ పేర్లు మా యజమాని వాళ్ళ యజమానికి చెప్పారు. ఒకరి ఉద్యోగం పోయింది. మీ స్నేహితుల మీద ప్రేమ ఉంటే ఇక్కడికి ఎవరినీ పంపకండి. కింద నా పేరు, నా హోదా.

చదువుతూ చదువుతూ ఆయన పెదవులు బిగుసుకుపోయాయి. "మతి పోయిందా? ఊరంతా చూస్తారు! ముందు ఇది వెనక్కి తీసుకో" అని అరిచారు.

"మీరు చేసిన ఫోను వెనక్కి తీసుకోండి. అప్పుడు ఇది నేను తీసుకుంటాను" అన్నాను.