గీత కూలిన చోట

పిన్ని చేసిన వీడియోలన్నిటిలోకీ మంచిదాన్నే జనం అన్నిటికంటే ముందు వదిలేసి పోతున్నారని తెలిసిన క్షణాన కత్తెర కుర్చీలోంచి దిగ్గున లేచి నిలబడింది. నిలబడి చేసేదేమీ లేదు. మళ్ళీ కూలబడి, తెర వైపు నోరెళ్ళబెట్టి చూసింది.

కత్తెర అసలు పేరు కాదు లెండి. పిల్లల ఆసుపత్రి వీడియో విభాగంలో ఆమె ఎడిటరు. ఎంత ముద్దొచ్చే మాటనైనా అక్కర్లేదనుకుంటే కసక్కున కోసిపారేస్తుంది కాబట్టి ఆ పేరు పడింది, అదే స్థిరపడింది. పిన్ని ఆమె తల్లికి స్వయానా చెల్లెలు, అదే ఆసుపత్రిలో తల నెరిసిన నర్సు. ఇంట్లో పిల్లలకి ఆపద వస్తే డాక్టరు దగ్గరికి చేరేలోపు ఏం చెయ్యాలో చెప్పే వీడియోలు ఈ ఇద్దరూ కలిసి చేస్తున్నారు. ఇది గొంతులో ఏదైనా అడ్డం పడితే ఏం చెయ్యాలన్నది. పిన్ని ఒక్క నమస్కారం పెట్టి, వెంటనే బొమ్మని ముందుకు వంచి, అరచేతి అడుగుభాగంతో వీపు మీద రెండు రెక్కల మధ్య ఎలా చరచాలో చూపిస్తుంది. మిగిలిన ఐదు నిమిషాలూ ఎందుకలా చెయ్యాలి, ద్రాక్షపండ్లు ఎలా కోసి పెట్టాలి, అంబులెన్సుకి ఏం చెప్పాలి, ఇవన్నీ.

తెర మీద గీత మాత్రం వేరే కథ చెబుతోంది. అడ్డంగా వీడియో నడిచే కాలం, నిలువుగా ఆ క్షణాన ఇంకా చూస్తున్నవాళ్ళ శాతం. నూరుతో మొదలైన గీత కాసేపు బుద్ధిగా నడిచి, పిన్ని చరిచి చూపించగానే గోడ మీంచి దూకినట్టు కిందికి పడింది. ముప్పయ్యో సెకనుకి మిగిలింది నూటికి ముప్పైమంది.

ఆ విభాగాన్ని నడిపే పెద్దమనిషిని వెనకాల అందరూ శాతంగారంటారు. ఆయన ఎదుట కూడా ఒకరిద్దరు నోరు జారారు, ఆయన కోప్పడలేదు. చెడ్డవాడు కాదు పాపం, లెక్క చూపిస్తేగానీ ఏదీ నమ్మడు, అంతే.

"ముప్పై సెకన్లకి సగంమందైనా ఉండాలమ్మా. లేకపోతే మనల్ని ఎవరికీ చూపించదు ఆ వీడియోల యాప్. ఈ నెల చూద్దాం. గీత లేవకపోతే మీ పిన్నిగారి వీడియోలు ఆపేద్దాం, ఏమనుకోకు," అన్నాడు.

ఏమనుకోకు అనడం తేలిక. వార్డులో పని ఒంట్లో సత్తువ తగ్గినవాళ్ళ వల్ల కాదని పిన్నిని పక్కన పెట్టి అప్పటికి ఏడాది. ఈ కెమెరా ముందే ఆమె మళ్ళీ మనిషైంది. ఇదీ పోతే ఇంట్లో కూర్చుని గోడల్ని చూసుకోవాలి. ఆ సంగతి కత్తెరకి తెలుసు.

"నా మొహం చూసి పారిపోతున్నారేమోనే," అంది పిన్ని గీత చూసి. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

"నీ మొహానికేం పిన్నీ, లక్షణంగా ఉంది. జవాబు ముందే చెప్పేస్తున్నాం, అదే తప్పు. పని అయిపోయాక ఎవడుంటాడు? ముందు ఊరించాలి."

చేతిలో ఉన్న విద్య కదా, కత్తెర ఊరించింది. కొత్త మొదలు తనే రాసింది. 'ఆ రోజు ఆ ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. ఒక్క నిమిషంలో ఆ నవ్వులన్నీ ఆగిపోయాయి. ఆ తల్లి చేసిన ఒకే ఒక్క పొరపాటు ఏమిటో తెలుసా?' వెనకాల సన్నగా వాయిద్యం. పిన్ని కూడా మురిసిపోయి, గొంతు తగ్గించి, కళ్ళు పెద్దవి చేసి మరీ చెప్పింది. చరిచి చూపించడం నిమిషం ఇరవై సెకన్ల దాకా రాదు. పాతదాన్ని ఎవరికీ కనపడకుండా దాచి, అదే పేరుతో కొత్తది ఎక్కించారు.

గీత లేచింది! ముప్పయ్యో సెకనుకి డెబ్బైకి దగ్గరగా నిలబడింది. ఆ తర్వాత మెల్లగా దిగుతూ పోయి, నిమిషం ఇరవై దగ్గర, పిన్ని చెయ్యెత్తే చోట, ఉన్నట్టుండి కొండలా పైకి లేచింది. మామూలుగా గీత దిగడమే గానీ ఎక్కడం అరుదు. ఒకే చోటుని మళ్ళీ మళ్ళీ చూస్తేనో, అక్కడికే సూటిగా వస్తేనో తప్ప ఎక్కదు.

"చూశారా, వెనక్కి జరుపుకుని మళ్ళీ చూస్తున్నారు. అంత నచ్చింది!" అని శాతంగారు ఆ కొండని సమావేశంలో గోడంత తెర మీద చూపించి చప్పట్లు కొట్టించాడు. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వీడియోలు ఆగవన్నమాట. కత్తెరకి నెత్తి మీంచి బండ దించినట్టయింది. ఆ రుచి మరిగి, కాలిన గాయాల వీడియోకి కూడా ఇలాంటి మొదలే రాయడానికి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే, మధ్యాహ్నం అన్నాల వేళ, విభాగం ఫోను మోగింది. ఎవరో తల్లి. పిన్నితో మాట్లాడాలంది, కృతజ్ఞతలు చెప్పుకోవాలంది. కత్తెర మొహం చేటంతైంది. ఇలాంటి మాటలు తర్వాతి వీడియోలో వేసుకోవచ్చు. స్పీకరు పెట్టి, రికార్డింగు మీట కూడా నొక్కింది.

"అమ్మా, మా పాప బతికిందమ్మా. మీ పుణ్యమే," అంది అవతలి గొంతు. "రెండేళ్ళ పిల్ల. ద్రాక్షపండు మింగింది. ఏడుపు లేదు, దగ్గు లేదు, నోరు తెరిచి అలా చూస్తోంది నావైపు. నేనొక్కదాన్నే ఉన్నా ఇంట్లో. మీ వీడియో నాకు ముందే తెలుసు. అప్పుడెప్పుడో చూశా, మొదట్లోనే చూపిస్తారు కదా, అందుకే వెతికి మీదే పెట్టా."

"మంచి పని చేశావు తల్లీ," అంది పిన్ని.

"కానీ ఏదో కథ వచ్చిందమ్మా. ఆ ఇంట్లో అందరూ నవ్వుతున్నారు అని. ఇది కాదేమో అనుకున్నా. మళ్ళీ మీ గొంతే. జరిపా. ఇంకా కథే. మళ్ళీ జరిపా. వేలు వణికి దాటిపోయింది, వెనక్కొచ్చా. పాప పెదాలు నీలం తిరిగిపోయాయి. అప్పుడు మీ చెయ్యి కనపడింది. ఫోను కింద పడేసి, పిల్లని వంచి చరిచా. నాలుగోదానికి పడిందమ్మా పండు." అవతల వెక్కిళ్ళు. "మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో. మీరు చల్లగా ఉండాలి."

ఆవిడ తప్పు పట్టలేదు. అదే ప్రాణం తీసింది. తిట్టుంటే కత్తెర ఏదో ఒక సమాధానం చెప్పేది, కనీసం క్షమించమనేది. ఆవిడ మాత్రం దండాలు పెట్టింది, పాప చేత కూడా ఏదో అనిపించింది, ఫోను పెట్టేసింది. రికార్డింగు ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని ఆపాలని ఇద్దరికీ తోచలేదు.

కత్తెర ఆ కొండ ఉన్న గీత తెరిచింది. వెనక్కి జరుపుకుని మళ్ళీ చూసినవాళ్ళు ఉంటే ఉండొచ్చు. కానీ ఈ తల్లి? కథలోంచి బయటపడటానికి జరిపి జరిపి వచ్చి అక్కడ పడింది. అలాంటి వేళ్ళు ఎన్ని కలిస్తే అంత ఎత్తు లేచిందో! దానికి చప్పట్లు కొట్టారు. పాత గీత తెరిచింది. గోడ మీంచి దూకిన చోటు పెద్దది చేసి చూసింది. పిన్ని చరిచి చూపించిన సెకనుకి సరిగ్గా పక్కనే ఉంది.

"పిన్నీ, వీళ్ళు పారిపోలేదు," అంది. "కొందరైనా ఫోను పడేసి పిల్లల దగ్గరికి పరిగెత్తారు. నేను వాళ్ళని పట్టుకుని కూర్చోబెట్టాను."

కత్తెర కొత్తదాన్ని దాచేసి, పాతదాన్ని బయట పెట్టింది. ఎవరినీ అడగలేదు. రెండు నొక్కుల పని. ఇన్నాళ్ళూ ఆ రెండు నొక్కుల దూరంలో ఆ పాతది చీకట్లో పడి ఉందన్న ఆలోచన వచ్చి తన చేతుల్ని తనే అసహ్యంగా చూసుకుంది.

శాతంగారికి రికార్డింగు వినిపించారు. మొదట ఆయన ఉత్సాహంగా తలాడించాడు. 'జరిపా' అన్న మాట రెండోసారి వచ్చేసరికి తల ఆగిపోయింది. పూర్తయ్యాక కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"దాన్ని నేను గోడ మీద వేసి చూపించానమ్మా," అన్నాడు. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "మళ్ళీ తియ్యండి. ఇవాళే. నమస్కారం కూడా వద్దు. పాతదానికంటే ముందే చెప్పెయ్యండి," అన్నాడు.

"గీత ఇంకా ముందే పడిపోతుంది సార్."

"పడనీ. మీ పిన్నిగారి వీడియోలు ఎవరూ ఆపరు. నేనున్నా."

కోరుకున్న మాట వచ్చింది. కానీ ఇద్దరి మొహాల్లోనూ కళ లేదు.

కత్తెర నిలబడే కొత్త మొదలు రాసింది. 'దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గూ ఏడుపూ రాకపోతే ముందుకు వంచి వీపు మీద ఐదుసార్లు చరవండి. ఏడాదిలోపు బిడ్డైతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా.' ఆ తర్వాత కూడా రాకపోతే ఏం చెయ్యాలి, అంబులెన్సుకి పక్కవాళ్ళ చేత ఎప్పుడు ఫోను చేయించాలి, అన్నీ వరసగా. ఒక్క మాట కోద్దామన్నా ఎక్కువ కనపడలేదు. దీపాలు సర్దుతుంటే పిన్ని బొమ్మని ఒళ్ళో పెట్టుకుని వచ్చి, పక్కన కూర్చుని, తెర మీద ఇంకా ఉన్న గీత వైపు చూసింది. కొండ వైపు కాదు. దానికి ముందు, కథ నడుస్తున్నంతసేపూ మెల్లగా దిగిన ఆ వాలు మీద వేలు పెట్టింది.

"మరి వీళ్ళెవరే?"

"ఎవరు?"

"వీళ్ళు మధ్యలోనే దిగిపోయారు కదా. అప్పటికి మనం ఏం చెయ్యాలో చెప్పనే లేదు. కొండ దాకా రాలేదు వీళ్ళు."

ఊరికే కుతూహలంకొద్దీ తెరిచినవాళ్ళయి ఉంటారని, విసుగొచ్చి పోయుంటారని కత్తెర చెబుదామనుకుంది. చాలామంది అంతే అయి ఉంటారు కూడా. ఆ మాట పెదాల దాకా వచ్చింది.

"విసుగొచ్చి..." అంది.

"అందరూనా?"

ఫోను చేసింది బతికిన పిల్ల తల్లి. పిల్ల దక్కనివాళ్ళు ఎందుకు చేస్తారు? చేసి ఏమని చెబుతారు? కత్తెర గీత వైపు చూసింది. అది ఎంతమందో చెబుతోంది, ఏ సెకనుకో చెబుతోంది, ఇంకేమీ చెప్పడం లేదు.

కెమెరా అతను సిద్ధమన్నాడు. పిన్ని లేచి వెలుగులోకి వెళ్ళింది. చేతులు అలవాటుకొద్దీ నమస్కారానికి లేవబోయి ఆగిపోయాయి. బొమ్మని గట్టిగా పట్టుకుంది.

"దగ్గుతుంటే దగ్గనివ్వండి," అంది. అక్కడే కళ్ళు నిండాయి. కత్తెర ఆపమనలేదు. పిన్ని కళ్ళనీళ్ళతోనే బొమ్మని ముందుకు వంచి చరవడం మొదలుపెట్టింది.