లింకు లేని పోస్టు

రామతులసి నవల పీడీఎఫ్ వచ్చిన రోజున శాంభవి దాన్ని తెరవలేదు. మర్నాడు కాలేజీలో ఖాళీ పీరియడ్‌లో తెరిచి, మొదటి పేజీ చదివి, ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. బాగుంది. బాగుంటుందని ఆమె అనుకోలేదు.

వాళ్ళిద్దరూ డిగ్రీలో ఒకే బెంచీ. శాంభవి విజయవాడలో ఇంటర్ పిల్లలకి తెలుగు చెబుతూ, ఖాళీ వేళల్లో గవర్నరుపేటలోని ఒక చిన్న ప్రచురణ సంస్థకి ఫేస్‌బుక్ పేజీ నడుపుతుంది. ఆమె నవల కిందటేడు అక్కడే అచ్చయింది. ఆవిష్కరణకి హాలు సగం నిండింది, మిగిలిన కాపీలు ఆఫీసు అటక మీద కట్టలుగా ఉన్నాయి. రామతులసిది హనుమాన్ జంక్షన్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసు ఉద్యోగం. ఇన్నేళ్ళలో ఒక్క కథ కూడా ఎవరికీ చూపించని మనిషి, ఇప్పుడు ఏకంగా నవల తెచ్చింది. పేరు 'సర్వీసు రోడ్డు'.

"ఈసారి పుస్తకం రాకముందే హడావుడి చేద్దామండీ," అన్నారు ప్రచురణకర్త లక్ష్మీకాంత్ గారు. "ముందు కవర్ వదులుదాం. తర్వాత ఒకటి రెండు వాక్యాల టీజర్లు. ఆపైన నవలలోంచి మూడు భాగాలు, వారం వారం. ప్రతిదానికీ ఆర్డర్ లింకు. ముందు బుక్ చేసినవాళ్ళకి రచయిత సంతకంతో కాపీ, పోస్టేజీ మనదే. వచ్చిన ఆర్డర్లు చూసి ఎన్ని వెయ్యాలో ప్రెస్సుకి చెబుతాను. భాగాలు మీరే ఎంచండి శాంభవి గారూ. మీకంటే ఎవరికి తెలుస్తుంది?"

నా పుస్తకానికి ఇవన్నీ ఎందుకు చెయ్యలేదని అడగాలనిపించింది ఆమెకి. "సరేనండీ," అంది.

కవర్‌కి లైకులు బాగానే వచ్చాయి. మొదటి భాగంగా శాంభవి, జంక్షన్ నుంచి ఏలూరు వైపు పోయే రోడ్డు వర్ణన పెట్టింది. రెండు పేజీల నిండా తాటిచెట్లు, చేపల చెరువులు, టోల్‌గేటు. మనుషుల్లేరు, మాటల్లేవు, ఏమవుతుందో అన్న ఆత్రమూ లేదు. నవలలో ఊపిరి తీసుకోవడానికి ఉన్న చోటు అది, విడిగా చదివితే నిద్రొస్తుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసే పెట్టింది.

ఆర్డర్ల పేజీ చాలాసేపు కదల్లేదు. సాయంత్రానికి వచ్చినవి రామతులసి ఆఫీసు వాళ్ళవి.

"ఆ భాగం నాకే అంత గొప్పగా అనిపించలేదే," అని రామతులసి ఫోన్లో అంది. "నువ్వు ఎంచావంటే అందులో నాకు కనపడనిదేదో ఉండి ఉంటుందిలే. థాంక్స్ శాంభవీ."

ఫోను పెట్టేశాక శాంభవికి సిగ్గేసింది. సిగ్గు కింద సంతోషం కూడా ఉంది. రెండూ ఒకదాన్నొకటి చెరుపుకోకుండా అలాగే ఉండిపోయాయి.

రెండో వారం లక్ష్మీకాంత్ గారే అడిగారు. "ఏదైనా పట్టి లాగేది పెట్టండి. ఇలాగైతే రెండొందలకి మించి వెయ్యలేను."

అలాంటి భాగం ఏదో ఆమెకి చదివిన రోజే తెలుసు. జంక్షన్‌లో టిఫిన్ బండి నడిపే రూతు, లారీ తీసుకుని వెళ్ళి నెలలుగా తిరిగిరాని మొగుడి కోసం చూస్తుంటుంది. ఆటోనగర్‌లో అతను ముచ్చటపడి బిగించుకున్న హారన్ ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఒక రోజు తెల్లవారుతూండగా అది వినిపిస్తుంది. గరిటె పడేసి రోడ్డు మీదికి పరిగెడుతుంది. 'హారన్ ఆయనదే. లారీ ఆయనదే. నడుపుతున్నది ఆయన కాదు.'

శాంభవి సరిగ్గా అక్కడ ఆపింది. ఎక్కడ ఆపాలో ఆమెకి బాగా తెలుసు. కానీ ప్రతి పోస్టు చివరా ఉండాల్సిన మూడు లైన్లు, పుస్తకం పేరు, రచయిత పేరు, లింకు, కింద పెట్టలేదు. మొదటి కామెంటులో పెట్టింది. లింకున్న పోస్టు ఎక్కువమందికి చేరదు కదా, అందరూ కామెంట్లోనే పెడతారు కదా అని తనకి తాను చెప్పుకుంది. అది నిజమే. పేర్లు తీసెయ్యడానికి మాత్రం ఆ కారణం చాలదు. తర్వాత ఆ భాగాన్ని కాపీ చేసి, తాను మెంబరుగా ఉన్న పాఠకుల వాట్సాప్ గ్రూపులో పేస్ట్ చేసింది. అక్కడ కామెంట్లుండవు. పైన ఉన్నది శాంభవి పేరొక్కటే.

మధ్యాహ్నానికి అది ఎక్కడెక్కడికో పోయింది. తెనాలి నుంచి ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు.

"అమ్మా, శాంభవి గారేనా? మీ కొత్త నవలలో భాగం చదివానండీ. రూతుని చూసి ఏడ్చాను. పోయిన పుస్తకానికీ దీనికీ ఎంత తేడా. చెయ్యి తిరిగిపోయింది మీకు. ఎక్కడ దొరుకుతుందండీ?"

నాది కాదండీ అనాలి. నోటిదాకా వచ్చింది.

"త్వరలో వస్తుందండీ," అంది.

ఆ మధ్యాహ్నమంతా ఆమె మెసేజీలు చదువుకుంటూ కూర్చుంది. గ్రూపులో అందరూ అడుగుతున్నారు: మేడం కొత్త నవలా? లింకు పెట్టండి. తర్వాత ఏమైంది? తన నవలకి ఏడాదిగా ఎదురుచూసిన మాటలే ఇవి. ఇన్నాళ్ళకి వచ్చాయి, తప్పు అడ్రసుకి. ఒక్కరికీ జవాబివ్వలేదు. కాదనకపోవడం అబద్ధం కాదేమో అని కాసేపు అనుకుంది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. వాళ్ళు పొగుడుతున్న ప్రతి వాక్యమూ తులసిదే. 'పోయిన పుస్తకం' ఒక్కటే తనది.

లక్ష్మీకాంత్ గారి మెసేజ్ వచ్చింది. 'ఎక్కడ చూసినా మన పోస్టే ఉందండీ. ఆర్డర్లు మాత్రం రావట్లేదు. లింకు పనిచేస్తోందా?'

దాని వెనకే రామతులసి ఫోన్.

"మా బ్రాంచి వాట్సాప్‌లో ఎవరో నా రూతుని పెట్టారు," అంది. గొంతులో కోపం లేదు. "రచన శాంభవి అని రాసుంది. నువ్వు పేరు మర్చిపోయావా?"

శాంభవి కుర్చీలోంచి లేచి బాల్కనీలోకి వచ్చింది. మర్చిపోయానంటే అక్కడితో అయిపోతుంది. తులసి నమ్ముతుంది.

"మర్చిపోలేదు," అంది. "తీసేశాను. మొదటి భాగం కూడా కావాలనే చప్పటిది ఎంచాను."

అవతల బస్సుల చప్పుడు వినిపిస్తోంది.

"ఎందుకు?"

"బాగా రాశావు గనక. నేను అలా రాయలేదు గనక."

"నాకు చెప్పకుండా ఉండుంటే బాగుండేది," అంది రామతులసి. "ఇక నుంచి నిన్ను ఏదీ హాయిగా అడగలేను. ముందు అది సరిచెయ్యి. మూడో భాగం నేనే ఎంచుకుంటాను."

శాంభవి పేజీలో పోస్టు సరిదిద్దింది. మూడు లైన్లూ లోపలే పెట్టింది. కానీ ఫార్వర్డ్ అయి పోయినవాటిని వెనక్కి తేవడం కుదరదు. అందుకని ఆ భాగాన్నే ఒక బొమ్మగా చేయించింది. అక్షరాలు కాపీ చెయ్యడానికి వీల్లేకుండా, రామతులసి పేరూ కవరూ క్యూఆర్ కోడూ అందులోనే కలిసిపోయేలా. దాన్ని గ్రూపులో పెట్టి కింద రాసింది: 'ఇది నా రచన కాదు. రామతులసిది. మీరు పొగుడుతున్నప్పుడు నేను వెంటనే చెప్పలేదు. క్షమించండి. లింకు ఇదిగో.' తెనాలి మాస్టారికి ఫోన్ చేసి విడిగా చెప్పింది. ఆయన "అలాగా" అన్నారు. ఫోను పెట్టేశారు. ఆ 'అలాగా' ఆమెకి చాలారోజులు వినిపించింది.

ఆర్డర్లు ఆ సాయంత్రమే మొదలయ్యాయి. వారం తిరిగేసరికి లక్ష్మీకాంత్ గారు వెయ్యి కాపీలకి ప్రెస్సుకి చెప్పారు. ఆయన సంతోషంగా కాఫీ తెప్పిస్తే శాంభవి తాగింది గానీ ఆ కాఫీ సహించలేదు. ఆర్డర్ల పేజీలో ఒక్కొక్క కొత్త పేరు చేరుతుంటే ఇప్పటికీ లోపల ఎవరో గిల్లినట్టే ఉంది.

రామతులసి మూడో భాగం మెయిల్‌లో పంపింది. పలకరింపు లేదు, పేజీ నంబర్లే. శాంభవి వాటిని వెతికి చూసింది. తాను చదవని చోటు అది. చదవడం హారన్ దగ్గర ఆపేశాక ముందుకెళ్ళడానికి ఇన్నాళ్ళూ ఆమెకి మనసు రాలేదు.

ముందు పోస్టు తయారుచేసి, మూడు లైన్లూ పెట్టి, లింకు నొక్కి తెరుచుకుంటోందో లేదో చూసుకుంది. తర్వాత పీడీఎఫ్ తెరిచి, ఆ లారీ నడుపుతున్నదెవరో తెలుసుకోవడానికి చదవడం మొదలుపెట్టింది.