నీలం కనబడని తెర

"ప్రోగ్రాములో తప్పేమీ లేదు సార్. మళ్ళీ మళ్ళీ చూసినాను" అని షహీన్ డాక్టరుకు ఫోన్లో చెప్పిన మాటతోనే పెనుకొండ పిల్లల ఆసుపత్రిలో నర్సు రాణి మీద నేరం ఖాయమైపోయింది.

రొద్దం దగ్గరి పల్లె నుంచి రామక్క అనే అవ్వ ఫిట్స్ వచ్చిన మనవణ్ణి ఎత్తుకొని ఆ ఆసుపత్రికి వచ్చింది. బిడ్డ బరువు ఐదు కిలోలు. రాణి తూచి కంప్యూటర్లో కొట్టింది. ఎంత మందు ఎక్కించాలో లెక్కగట్టి చీటీ తీసే ప్రోగ్రాము అది. హిందూపురంలో హరి నడిపే చిన్న కంప్యూటర్ షాపులో షహీనే రాసింది. చీటీలో ఎంతుందో అంతా రాణి ఎక్కించింది. అది పదిహేను కిలోల బిడ్డకు ఇవ్వాల్సిన మందు. అనంతపురం తీసుకుపోతుంటే దారిలోనే బిడ్డ ఊపిరి నిలిచిపోయింది.

"నేను ఐదే కొట్టినాను, తెర మీద కూడా మందు సరిగ్గానే కనబడింది" అని రాణి ఏడ్చింది. కంప్యూటర్లో దాచిన వివరాల్లో మాత్రం బరువు పదిహేను అని ఉంది. డాక్టరు ఓబుళప్ప పోలీసులకు కబురు పెట్టాడు. మరుసటి రోజు సాయంత్రం వస్తామన్నారు.

ప్రోగ్రాము కోడు చూపించి అదే మాట తన ముందర చెప్పమని డాక్టరు అడగడంతో షహీన్ పొద్దునే ఫజర్ నమాజు చేసుకొని పెనుకొండ బస్సెక్కింది. కోడూ, దాన్ని రాసుకునే ఎక్లిప్స్ సాఫ్ట్‌వేరూ సీడీలో పెట్టుకుంది. దారి పొడుగునా దువా చేస్తూనే ఉంది. ఏమని అడుగుతోందో ఆమెకే తెలియలేదు. తన ప్రోగ్రాము సరిగ్గా ఉండాలనా? అలా ఉంటే రాణి జైలుకు పోతుంది కదా?

ఆసుపత్రి గుమ్మంలోనే రాణి ఎదురొచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఏమక్కా, నన్ను లోపలేయించేకి వచ్చినావా?"

"అట్లనద్దు రాణీ."

"మరి యెట్లనల్ల? పోయిన వారం మీరు కొత్తది ఏసి పోయినాంక, పొద్దునే మొదటొచ్చిన బిడ్డ కొత్త పేషెంటైతే చీటీలో సున్నా వచ్చేది. మీ హరన్నకు ఫోన్ చేస్తే ఆపేసి మళ్ళా ఎయ్యమన్నాడు. నీకు చెప్పలేదా?"

హరి చెప్పలేదు. సున్నా ఎందుకొచ్చి ఉంటుందో వెతుక్కుంటూ షహీన్ లోపలికి నడిచింది.

డాక్టరు గదిలో కొత్త పలచటి మానిటరు ఉంది. షహీన్ సీడీ పెట్టి, ఎక్లిప్స్ ఎక్కించి, ఫైలు తెరిచింది. తెరిచీ తెరవగానే ఉలిక్కిపడింది. తెర తెల్లగా ఉంది. అక్కడక్కడా కొన్ని పేర్లు నీలంగా ఉన్నాయి. తన కోడులో నీలం రంగు ఆమె ఏనాడూ చూడలేదు.

షాపులో ఆమె ముందుండే మానిటరు బెంగళూరు నుంచి హరి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చిన పాత డబ్బా. దానిలో నీలం రంగు చచ్చిపోయి చాలా కాలమైంది. తెల్లటిదంతా పసుపుగా కనబడేది, నీలం నల్లగా కనబడేది. "పసుపు శుభమే లేమ్మా, అలవాటైతాది" అని హరి నవ్వేవాడు. నిజంగానే అలవాటైపోయింది. ప్రోగ్రాము రాసే జావా భాషకు సొంతమైన మాటలు ఎర్రగా, తన గుర్తుకోసం రాసుకున్న వ్యాఖ్యలు పచ్చగా కనబడుతూనే ఉంటే, రంగులన్నీ వస్తున్నాయనే ఆమె అనుకుంది.

కానీ ఆ రంగులు మాట రూపాన్ని చూసి వేసేవి. ఇది భాషకు సొంతమైన మాట, ఇది అంకె, ఇది వ్యాఖ్య అని చెప్పడం వరకే వాటి పని. ఈ నీలం వేరు. ఎక్లిప్స్ ప్రోగ్రామునంతా చదివి, ఏ పేరు ఎక్కడ పుట్టిందో కనుక్కొని వేసే రంగు అది. వాళ్ళ వీధిలో ఖాదర్‌వలి అనే పేరుతో ఇద్దరున్నారు. పేరొక్కటే చూస్తే ఇద్దరూ ఒకటే. ఏ ఇంటివాడని అడిగితే తప్ప తేడా తెలియదు. రంగుల్లోనూ అంతే.

ఆమె వేలు తెర మీద 'వెయిట్' అనే పేరు వెంట పోయింది. చీటీ తీసే చోట వెయిట్ నీలంగా ఉంది. వివరాలు దాచే చోట నీలం. పాత పేషెంటును తెరిచే చోటా నీలమే. అది ప్రోగ్రాము మొత్తానికీ ఉమ్మడి బరువు. కొత్త పేషెంటు బరువు తీసుకునే చోట మాత్రం వెయిట్ నల్లగా ఉంది. దాని ముందు, అంకె దాచుకునే కొత్త పెట్టెను పుట్టించే 'డబుల్' అనే మాట ఉంది. పోయిన వారం మార్పులు చేస్తూ ఆమే అలవాటుగా కొట్టింది. ఆ ఒక్క మాటతో అదే పేరున్న మరో పెట్టె పుట్టింది. రాణి కొట్టిన ఐదు ఆ నల్లటి పెట్టెలో పడి, తెర మీద సరైన మందు చూపించి, అంతటితో మాయమైపోయింది. చీటీ నీలం పెట్టెను చూసింది. పొద్దున ఇంకా ఎవరినీ తెరవకముందు అది ఖాళీ, రాణి చెప్పిన సున్నా అదే. ఆ రోజు అందులో అంతకుముందు తెరిచిన పాత పేషెంటు బరువు అలాగే ఉంది. పదిహేను.

షాపు తెర మీద రెండూ నలుపే. అందుకే ఎన్నిసార్లు చదివినా రెండూ ఒకటే అనిపించాయి.

"ఏమ్మా, చూపించు" అన్నాడు ఓబుళప్ప.

"ఒక్క నిమిషం సార్" అని షహీన్ బయటికొచ్చి హరికి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది.

"ఇప్పుడేం చెప్పద్దు షహీన్. సరిచేసి ఎక్కించేసి వచ్చెయ్. కంప్యూటర్‌కు వైరస్ పట్టిందని నేను చెప్తా."

"రాణి ఏమైపోవల్లన్నా?"

"మనం ఏమైపోవల్ల? షాపు మూసుకోవల్ల, నువ్వూ నేనూ స్టేషన్లో కూచోవల్ల."

"ధర్మవరం ఆసుపత్రిలో కూడా ఇదే ప్రోగ్రాము నడస్తాండాది అన్నా. ముందు ఆపమని చెప్పు, చేత్తో లెక్కగట్టుకోమను. ఇప్పుడే."

ఫోన్ పెట్టేసి లోపలికి పోయింది. ఏమీ దాచకుండా చెప్పింది. నీలం పేరునూ నల్ల పేరునూ వేలుతో చూపించింది. డాక్టరు కంప్యూటర్ చదువు చదవలేదు, కానీ రెండు రంగులు ఆయనకూ కనబడ్డాయి. చాలాసేపు చూసి, కళ్ళజోడు తీసేశాడు.

"నిన్న లేదంటివి కదమ్మా."

"నిన్న నాకు కనపడలేదు సార్."

రాణి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. షహీన్ ఆమె వైపు తిరిగింది. రాణి తన మెడలోని సిలువను పిడికిట్లో పట్టుకొని వెళ్ళిపోయింది.

వరండాలో రామక్క కూర్చుని ఉంది. పోలీసుల కోసం కూర్చోబెట్టారు.

"తప్పు ఆ నర్సమ్మది కాదంటాండారే! మరి ఎవురిది తల్లీ?"

"నాది అవ్వా."

రామక్క ఆమె ముఖంలోకి చూసింది. తిట్టలేదు. "నువ్వు మావాణ్ణి చూసినేలేదు కదా" అంది.

సాయంత్రం పోలీసులు షహీన్ చెప్పింది రాసుకొని, పిలిచినప్పుడు రమ్మని పంపించారు. మరుసటి రోజు షాపులో ఆమె మొదట చేసిన పని రంగులు మార్చడం. హరి కొత్త మానిటరు తెస్తానన్నాడు. ఆమె వద్దంది. ఈ పాడు తెర మీద తేడా తెలిస్తే ఏ తెర మీదైనా తెలుస్తుంది. రంగులు పరీక్షించడానికి ఒకే పేరును మూడు చోట్ల పెట్టి చిన్న ఫైలు రాసింది. ఉమ్మడి పేరుకు ముదురు ఎరుపు ఇచ్చి, లావుగా చేసి కింద గీత పెట్టింది. లోపల పుట్టే పేరును నల్లగా, సన్నగా ఉంచింది. బయటి నుంచి చేతికొచ్చే పేరును వాలు అక్షరాల్లో పెట్టింది. రంగు చచ్చినా గీతా లావూ చావవు. ఇన్నాళ్ళూ అన్నిటికన్నా గట్టిగా కనబడిన డబుల్ లాంటి మాటలను వెలిసిన బూడిదరంగుకు తగ్గించింది. లేచి గోడ దాకా పోయి అక్కడి నుంచి చూసింది. మూడూ వేరువేరుగానే కనబడ్డాయి.

"కండ్లకు ఇంపుగా లేదు షహీన్" అన్నాడు హరి.

"ఇంపు ఎందుకన్నా?"

మసీదు నుంచి మధ్యాహ్నం జొహర్ బాంగు వినబడింది. లోపలి గదిలో చాప పరిచి నిలబడింది. చూపించేవాడివి నువ్వే కదా, నిన్న పొద్దున చూపించింది వారం ముందే చూపించి ఉండకూడదా అని అల్లాను అడగబోయి ఆగింది. మానిటరులో నీలం చచ్చిందని తనకు తెలుసు. రోజూ తెలుసు. సజ్దాలో నుదురు చాపకు ఆనించి, ఆమె చాలాసేపు లేవలేదు.